ఫోటో చూసి చికెన్ ఉడికిందో లేదో, చేప వేగిందో లేదో చెప్పడం ఎలా?

మూకుడులో ఉన్న చికెన్‌ని ఫోటో తీసి పంపి "ఉడికిందా, దించేయనా?" అని అడిగేవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉన్నారు. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లి రూముల్లో వండుకుంటుంటే, అమ్మో పిన్నో విజయవాడలో కూర్చుని ఫోన్లో చూసి చెప్పాలి. చాలామంది ఫోటోని ఒక్క క్షణం చూసి "ఎర్రగా వేగింది కదా, దించెయ్" అనేస్తారు. అది తప్పు. మన వంటలో ఆ ఎరుపు ఎక్కువగా కారంది, కండది కాదు. గుంటూరు కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన ముక్క పొయ్యి ఎక్కకముందే ఎర్రగా ఉంటుంది, పొయ్యి ఎక్కిన ఐదారు నిమిషాలకే ముదురు రంగుకి తిరుగుతుంది, అప్పటికి లోపల కండ ఇంకా వెచ్చబడుతూ ఉంటుంది అంతే.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఫోటో చూసి "ఇది ఉడకలేదు" అని గట్టిగా చెప్పొచ్చు. "ఇది ఉడికింది" అని చెప్పాలంటే మాత్రం కోసిన ముక్క కనిపించాలి, అదీ మంచి వెలుతురులో. ఈ తేడా మర్చిపోతే కింద చెప్పేవి ఎన్ని తెలిసినా లాభం లేదు.

ముందు ఫోటో సంగతి తేల్చుకోండి

ముక్కని చూసే ముందు ఆ ఫోటోని నమ్మొచ్చా లేదా అన్నది చూడాలి. రూముల్లో వంట మూల ఉన్న బల్బు పసుప్పచ్చ వెలుగుదైతే పచ్చి చికెన్‌లోని గులాబీ రంగు ఆ వెలుగులో కలిసిపోయి ఉడికిన కండలా కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఫుడ్ మోడ్ అని ఉంటుంది, తిండి నోరూరించేలా కనపడాలని అది ఎరుపుని, పసుపుని పెంచేస్తుంది. ఫ్లాష్ వేస్తే నూనె మీద మెరుపు వస్తుంది, ఆ మెరుపుకీ పచ్చి కండకుండే తడి మెరుపుకీ తేడా తెలియదు. నల్లటి నాన్‌స్టిక్ పాన్ అయితే ఇంకో తంటా. ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే ఉందని కెమెరా మొత్తం ఫోటోని వెలుతురు పెంచి తీస్తుంది, అందులో ముక్కలు ఉన్నదానికన్నా తెల్లగా పడతాయి. అంటే పచ్చి ముక్క కూడా ఉడికినట్టే కనిపిస్తుందన్నమాట.

అందుకని ఫోటో పంపేవాళ్లకి ఈ మాట చెప్పండి: ఫుడ్ మోడ్ తీసెయ్, ఫ్లాష్ వద్దు, పొయ్యి కట్టేసి ఆవిరి పోనిచ్చి తియ్, ముక్కని ప్లేటులో పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లు, పక్కన ఒక చెంచాడు తెల్లన్నం పెట్టు. ఆ అన్నం ఎందుకంటే, అన్నం ఎంత తెల్లగా ఉంటుందో మనకి తెలుసు. ఫోటోలో అన్నం పచ్చగా కనిపిస్తే అందులో ముక్క రంగు కూడా అంత మేరకు అబద్ధం చెబుతున్నట్టే. అన్నం తెల్లగా ఉండి ముక్క గులాబీగా ఉంటే ఆ గులాబీ నిజం. రాత్రి పూట అయితే కిటికీ ఉండదు కాబట్టి తెల్లటి ట్యూబ్‌లైట్ కిందకి తీసుకెళ్లమనండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ పెట్టి పంపమనండి, మామూలుగా పంపితే కండ పీచు ఉందో లేదో కనిపించదు, అసలు చూడాల్సింది ఆ పీచునే. చూసేవాళ్ల ఫోన్లో కూడా రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండటానికి పెట్టుకునే పసుపు తెర ఆన్‌లో ఉందేమో చూసుకుని తీసెయ్యాలి. ఇది చాలామందికి తట్టదు.

ఉడకడం అంటే కండకి ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే గుర్తులన్నీ వాటంతటవే అర్థమవుతాయి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. పచ్చి కండలోంచి వెలుతురు కొంతవరకు లోపలికి పోతుంది, అందుకే అది తడితడిగా, అద్దపు ముక్కలా, నీలం కలిసిన గులాబీ రంగులో ఉంటుంది. వేడి తగిలేసరికి కండలోని ప్రోటీన్లు ముడుచుకుని గట్టిపడతాయి, వెలుతురు లోపలికి పోలేక వెనక్కి వచ్చేస్తుంది, కండ తెల్లగా మారుతుంది. పెనం మీద కొట్టిన గుడ్డులో తెల్లసొన మారే తీరు చూశారుగా, ఇక్కడ జరిగేదీ అదే. ఇంకాస్త వేడెక్కితే కండని పట్టి ఉంచే పొరలు ముడుచుకుపోయి ముక్క కుదించుకుంటుంది, లోపలున్న నీళ్లు బయటికి వస్తాయి, కండ పోగులు పోగులుగా విడుతుంది.

కండకి ఎరుపునిచ్చే పదార్థం మయోగ్లోబిన్. అది రొమ్ము కండలో తక్కువ, తొడలో, లెగ్ పీసులో ఎక్కువ. వేడికి అది కూడా రంగు మారుతుంది కానీ అన్నిసార్లూ ఒకే వేడి దగ్గర మారదు. అందుకే పూర్తిగా ఉడికినా కొంచెం గులాబీ మిగిలిపోయే చికెన్ ఉంటుంది, తెల్లగా కనిపిస్తున్నా చాలినంత ఉడకనిదీ ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ రంగుని నమ్మొద్దనీ, చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్, చేప లోపల 63 డిగ్రీలు వచ్చిందో లేదో కొలిచి చూసుకోమనీ చెప్పేది ఇందుకే. మన ఇళ్లల్లో వంట థర్మామీటర్ ఉండేది తక్కువ, పిల్లల రూముల్లో అసలు ఉండదు. కాబట్టి రంగుకన్నా కండ తీరుకి ఎక్కువ విలువ ఇవ్వాలి.

కోయని ముక్కల ఫోటోలో ఏం చూడాలి

మూకుడు మొత్తం కనిపించే ఫోటో వచ్చిందనుకోండి. మొదట అడుగు చూడండి, ముక్కల్ని తర్వాత చూడొచ్చు. చికెన్ వేశాక మూత పెడితే నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లు మసకగా, లేత గులాబీ కలిసిన పసుపు రంగులో, అంచుల్లో బూడిద రంగు నురగతో ఉంటే వేపుడు ఇంకా మొదట్లోనే ఉంది. ఆ నీళ్లు ఇగిరి, అడుగున ఎర్రటి నూనె తేటగా విడిగా కనిపిస్తుంటే చాలా దూరం వచ్చినట్టు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. "నూనె తేలింది కదా, అయిపోయింది" అంటారు. నూనె తేలడం అంటే మసాలాలో నీళ్లు పోయాయని అర్థం. నీళ్లు నిదానంగా, మూత కింద ఇరవై నిమిషాలు ఉడికి పోయి ఉంటే ముక్క కూడా ఉడికే ఉంటుంది, అదే పెద్ద మంట మీద మూత లేకుండా ఎనిమిది నిమిషాల్లో ఎగిరిపోయి ఉంటే నూనె తేలుతుంది కానీ లెగ్ పీస్ లోపల పచ్చిగానే ఉంటుంది. కాబట్టి నూనె తేలిన ఫోటో వస్తే తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఎంతసేపు, మూత పెట్టావా అని.

తర్వాత ముక్కల ఆకారం. పచ్చి ముక్కలు చతికిలబడి ఉంటాయి, ఒకదానికొకటి అతుక్కుని, అంచులు జారిపోయి, పైన నున్నగా ఉంటాయి. ఉడికిన ముక్కలు కుదించుకుని ఉబ్బెత్తుగా, విడివిడిగా నిలబడతాయి, పక్క నుంచి చూస్తే కండ మీద సన్నటి గీతలు తేలతాయి. లెగ్ పీస్ ఉంటే పని తేలిక, ఎముక సన్నగా ఉన్న వైపు చూడండి. ఉడికే కొద్దీ కండ ఎముక మీద నుంచి పైకి జరిగిపోయి ఎముక కొస బయటపడుతుంది, కండ అంచు గుండ్రంగా ముడుచుకుంటుంది. చికెన్ కొట్టులో కొట్టేటప్పుడే ఎముక కొంచెం బయటికి వచ్చి ఉండొచ్చు కాబట్టి ఎముక ఎంత కనిపిస్తోందో చూడకండి, కండ అంచు ముడుచుకుందా, వేలాడుతోందా అన్నది చూడండి. వేలాడుతుంటే కాలేదు.

పైన ముదురు రంగు దేనికీ గుర్తు కాదని మళ్లీ చెబుతున్నా. కారం, వెల్లుల్లి, కార్న్‌ఫ్లోర్, మైదా, పైన చల్లిన గరం మసాలా, ఇవన్నీ వాటంతటవే మాడతాయి. చికెన్ 65 లాంటి వాటిలో రంగు కూడా కలుపుతారు, వాటిని పైనుంచి చూసి ఏమీ చెప్పలేం, కోయమనడమే.

కోసిన ముక్కని చదవడం

ఏ ముక్క కోయమనాలి? వాళ్ల ఇష్టానికి వదిలేస్తే పైనున్న చిన్న ముక్క కోస్తారు. అన్నిటికన్నా లావైన ముక్క, వీలైతే తొడా కాలూ కలిసే జాయింట్ ఉన్న ముక్క కోయమనండి, ఎముక తగిలేదాకా. బోన్‌లెస్ అయితే రొమ్ము ముక్కల్లో పెద్దది సరిగ్గా మధ్యకి. కోసిన రెండు భాగాలూ పైకి కనపడేలా తెరిచి, పైనుంచి కాకుండా కొంచెం పక్కగా ఫోటో తీయమనండి. కత్తి మాత్రం పచ్చి చికెన్ కోసింది అయితే సబ్బుతో కడిగి వాడమని చెప్పండి. కొరికి చూస్తా అంటే వద్దనండి, పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు ఉండొచ్చు.

ఊరబెట్టిన మసాలా ముక్క లోపలికి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. అంటే పెద్ద ముక్క మధ్యలో పసుపూ ఉండదు, కారమూ ఉండదు, కండ అసలు రంగు అక్కడే కనిపిస్తుంది. మీ చూపు అక్కడే ఉండాలి.

ఉడకని ముక్కలో ఒక గీత కనిపిస్తుంది. బయటి వైపు తెల్లగా, లోపలికి వెళ్లే కొద్దీ గులాబీగా మారి, మధ్యలో కత్తి గాటు మైనం కోసినట్టు నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఆ నున్నదనమే అసలైన గుర్తు. ఉడికిన కండని కోస్తే గాటు అంత నున్నగా రాదు, పీచులు పీచులుగా తెగి, మెరుపు లేకుండా ఉంటుంది. కాబట్టి చూసే క్రమం ఇలా పెట్టుకోండి: గులాబీగా ఉండి, నున్నగా మెరుస్తోందా, అయితే అది పచ్చి, ఇంక అనుమానం లేదు. గులాబీగా ఉంది కానీ పీచు విడిపోయి, మెరుపు లేకుండా, ఎముక నుంచి ఊడి వస్తోందా, అయితే బహుశా ఉడికింది, అయినా మరో ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచితే పోయేదేమీ లేదు. తెల్లగా ఉంది కానీ ఇంకా నున్నగా, రబ్బరులా ఉందా, అయితే రంగుని నమ్మకండి, ఉడకనివ్వండి.

ఎముక చుట్టూ ఉండే ముదురు ఎరుపు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీంతోనే ఎక్కువమంది టెన్షన్ పడతారు. మనం కొనే బ్రాయిలర్ కోళ్లు ఆరు వారాలు అటూఇటూ వయసువి. వాటి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, సన్నటి రంధ్రాలతో ఉంటాయి. ఎముక లోపలి మూలుగలోని రంగు ఆ రంధ్రాల్లోంచి బయటికి వచ్చి చుట్టూ ఉన్న కండకి అంటుకుంటుంది, ఉడికాక అది ఊదా రంగులోనో నలుపులోనో కనిపిస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన చికెన్‌లో ఇది ఇంకా ఎక్కువ. చూడటానికి బాగోదు, కానీ దాన్ని బట్టి ముక్క ఉడకలేదు అనలేం. తేడా ఎలా తెలుస్తుందంటే, మూలుగ రంగు ఎముకని ఆనుకుని మచ్చలా, గడ్డకట్టినట్టు ఉంటుంది, చుట్టూ కండ మామూలుగా పీచు విడిపోయి ఉంటుంది. పచ్చి రక్తమైతే ప్రకాశవంతమైన ఎరుపులో, ద్రవంగా, నొక్కితే కారేలా ఉంటుంది, చుట్టూ కండ కూడా నున్నగా ఉంటుంది.

ప్లేటులోకి కారిన నీళ్లని కూడా చూడొచ్చు కానీ మన వంటలో కారం నూనె ఎర్రగా ఉంటుంది కాబట్టి తికమక పడతారు. అన్నం పెట్టమన్నాం కదా, ఆ ముక్కని అన్నం మీద కొంచెం నొక్కమనండి. కారం నూనె అయితే అన్నం నారింజ రంగులో నూనెనూనెగా మెరుస్తుంది. గులాబీ నీళ్లయితే అన్నం పల్చగా తడిసి లేత ఎరుపుకి మారుతుంది. ఆ అన్నం పారేయాలి, తినకూడదు.

లివర్ ముక్కలు కలిసి ఉంటే వాటినీ ఒకటి కోయమనండి. లోపల ఎక్కడా ఎరుపు ఉండకూడదు, గోధుమ రంగుకి తిరిగిపోవాలి. నాటుకోడి అయితే పై లెక్కలు కొంచెం మారతాయి, కండ ముందే ముదురు రంగు, ఉడికినా తెల్లబడదు, పైగా ఉడికాక కూడా గట్టిగానే ఉంటుంది. అక్కడ కుక్కర్ విజిల్సే నయం, ఫోటో మీద ఆధారపడకండి.

ఒక వేపుడు ఫోటో, మొదటి నుంచి చివరి దాకా

మా అక్క కొడుకు గుంటూరులో రూము తీసుకుని ఉంటాడు. అర కేజీ చికెన్, ఆదివారం కొని ఫ్రీజర్‌లో పెట్టి రెండు రోజుల తర్వాత వండాడు. ఇండక్షన్ స్టవ్, నల్ల నాన్‌స్టిక్ పాన్. ఫోటో పంపి "పిన్నీ, సూపర్‌గా వేగింది, దించేయనా?" అని అడిగాడు.

ఫోటోలో ముక్కలు నిజంగానే ముదురు ఎరుపులో, అక్కడక్కడా నల్లగా, అడుగున నీటి చుక్క లేకుండా ఉన్నాయి. పైపైన చూస్తే అయిపోయినట్టే. రెండు విషయాలు మాత్రం నాకు నచ్చలేదు. లెగ్ పీస్ కొస దగ్గర కండ ముడుచుకోకుండా సంచిలా వేలాడుతోంది. పెద్ద ముక్కలు రెండు పాన్‌కి ఆనుకుని చదునుగా, వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి, కుదించుకున్న జాడ లేదు. ఎంతసేపైందని అడిగితే పన్నెండు నిమిషాలన్నాడు, మూత పెట్టలేదన్నాడు, "వేపుడుకి మూత పెడితే పులుసైపోద్ది కదా పిన్నీ" అన్నాడు. ఫ్రీజర్ నుంచి తీసి ఎంతసేపు బయట పెట్టావంటే ఉప్పూ కారం పట్టించినంతసేపే అన్నాడు. ఇంక ఫోటో చూడకపోయినా చెప్పొచ్చు, మధ్యలో ముక్క చల్లగానే ఉంటుంది.

అయినా కోసి చూపించమన్నాను. లెగ్ పీస్‌ని ఎముక దాకా కోసి, కిటికీ దగ్గర పెట్టి, పక్కన అన్నం వేసి పంపాడు. అన్నం తెల్లగా ఉంది, కాబట్టి ఫోటో నమ్మొచ్చు. బయట ఒక వేలి మందాన కండ తెల్లగా, ఆ తర్వాత గీత గీసినట్టు గులాబీ, ఎముక పక్కన నున్నగా మెరుస్తూ ఉంది. పీచు జాడే లేదు. పైన మాడింది, లోపల పచ్చి. ఇలాంటప్పుడు మంట పెంచితే పైన బొగ్గవుతుంది తప్ప లోపలికి వేడి పోదు, నీళ్లే కావాలి. పావు గ్లాసు వేడినీళ్లు పోసి, కోసిన ముక్క కూడా అందులోనే వేసి, మూత పెట్టి చిన్న మంట మీద పన్నెండు నిమిషాలు ఉంచమన్నాను, మధ్యలో ఒకసారి ముక్కలు తిప్పమన్నాను. తర్వాత మూత తీసి నీళ్లు ఇగిరేదాకా వేయించమన్నాను, నాలుగైదు నిమిషాలు పడుతుంది.

ఆ తర్వాత మళ్లీ ఫోటో, ఈసారి రెండో లెగ్ పీస్ కోయించాను, ఎందుకంటే మొదటిది ముందే కోసి ఉంది కాబట్టి అది తొందరగా ఉడికిపోతుంది, దాన్ని చూసి మిగతావాటి గురించి చెప్పకూడదు. ఫోటోతోపాటే "పిన్నీ, ఇంకా ఎర్రగానే ఉంది" అని మెసేజ్ వచ్చింది. చూస్తే ఎముకని ఆనుకుని ఊదా రంగు మచ్చ, దాని చుట్టూ కండ అంతా తెల్లబడి, పోగులుగా విడిపోయి, ఎముక ఒకవైపు శుభ్రంగా బయటపడి ఉంది. కొసన కండ ముడుచుకుని పైకి జరిగింది. ఫ్రీజర్ చికెన్ కాబట్టి ఆ మచ్చ మూలుగదే. దించెయ్ అన్నాను.

చేప అయితే

చేప చికెన్‌కన్నా తక్కువ వేడికే ఉడుకుతుంది, పాడయ్యేది కూడా అంతే తొందరగా. కొల్లేరు, కైకలూరు వైపు చెరువుల నుంచి మనకి వచ్చే బొచ్చె, శీలవతి లాంటివి అడ్డంగా కోసిన ముక్కలుగా వేయిస్తాం కదా, రెండు సెంటీమీటర్ల మందం ముక్కకి మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పడుతుంది. చివరికి ఉడికేది మధ్య ముల్లు చుట్టూ ఉన్న కండ. కాబట్టి ఫోటో అడిగేటప్పుడు "మధ్య ముల్లు పక్కన చాకు కొస గుచ్చి కొంచెం పక్కకి జరిపి తియ్" అని అడగండి.

అక్కడ చూడాల్సింది రెండే. ఒకటి, కండ ముల్లుని వదిలిందా. ఉడికితే చాకు తగిలీ తగలగానే ముల్లు నుంచి విడిపోతుంది, ముల్లు శుభ్రంగా తేలుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న సన్నటి రక్తపు గీత గోధుమ రంగుకి మారి ఉంటుంది. ఉడకకపోతే కండ ముల్లుకి అతుక్కుని లేత గులాబీగా, జిగురుగా ఉంటుంది, గీత ఎర్రగానే ఉంటుంది. రెండోది, కండ పొరలుగా విడుతోందా. చేప కండ పొరలు పొరలుగా ఉంటుంది, వాటి మధ్య పల్చటి తెర ఉంటుంది, వేడికి ఆ తెర కరిగి పొరలు జారినట్టు విడిపోతాయి. ఫోటోలో ఆ పొరల అంచులు మెట్లలా కనిపించాలి. కొర్రమీను మాత్రం గట్టి చేప, బొచ్చెలా పొరలు విడిపోవు, దానికి ముల్లు దగ్గర గుర్తే చూడండి.

నిమ్మరసం ఇక్కడ మోసం చేస్తుంది. చేపకి నిమ్మకాయ పిండి గంట ఊరబెడితే ఆ పులుపుకే పైకండ తెల్లబడి గట్టిపడుతుంది, పొయ్యి మీద పెట్టకుండానే ఉడికినట్టు కనిపిస్తుంది. ఆ పులుపు వేడిలా క్రిముల్ని చంపేస్తుందని అనుకోకూడదు. నిమ్మరసం వేశారా అని అడగండి, వేశామంటే ముక్క అంచుల్లో తెలుపుని లెక్కలోకి తీసుకోకండి, లావైన చోట మధ్యలో ఎలా ఉందో దాన్నే నమ్మండి.

వంజరం, శీలవతి ముక్కల్లో చర్మం కింద పక్కగా ఒక ముదురు రంగు కండ ఉంటుంది. అది ఉడికినా తెల్లబడదు, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉండిపోతుంది. దాన్ని చూసి పచ్చిగా ఉందనుకుని ఇంకో పది నిమిషాలు వేయిస్తే ముక్క పీచైపోతుంది. ముక్క పక్కల నుంచి తెల్లటి పెరుగు తరకల్లాంటిది బయటికి వస్తే భయపడొద్దు, అది కండలోంచి వచ్చిన ప్రోటీన్, వేడి బాగానే తగిలిందని అర్థం, మరీ ఎక్కువగా వచ్చిందంటే మంట ఎక్కువైందని.

తిప్పేటప్పుడు ముక్క పెనానికి అంటుకుని కింది పొర ఊడిపోయిన ఫోటోలు కూడా వస్తుంటాయి. అది చాలాసార్లు తొందరపడి తిప్పడం వల్లే, కింద గట్టి పొర కట్టాక ముక్క తనే పెనాన్ని వదులుతుంది. అనుమానం ఉంటే మూత పెట్టి చిన్న మంట మీద రెండు నిమిషాలు చాలు, చేపకి అంతకన్నా ఎక్కువసేపు ఇవ్వకండి, మళ్లీ గుచ్చి చూడమనండి.

ఫోటో చెప్పలేనివి

చేప నిలవ ఉన్నదేమో, చికెన్ ఎండలో ఎక్కువసేపు ఉందేమో ఏ ఫోటోలోనూ కనిపించదు. మే నెలలో బెజవాడ ఎండకి సంచిలో గంట తిరిగిన చికెన్ ఎంత ఉడికించినా మంచిది కాదు, కొన్ని క్రిములు వదిలే విషం ఉడికినా పోదు. కాబట్టి వాసన ఎలా ఉంది, ఎప్పుడు కొన్నావు, ఫ్రిజ్‌లో పెట్టావా అన్నవి ఫోటో అడిగేటప్పుడే అడగాలి. ఒక్క ముక్క చూసి మూకుడంతా ఉడికిందనీ చెప్పలేం, పాన్ నిండా ఇరికించి వండితే అంచుల్లో ముక్కలు వెనకబడి ఉంటాయి, అంచులోంచి ఒకటి తీసి కోయమనండి.

పిల్లలు తరచూ వండుకుంటున్నారంటే ఒక వంట థర్మామీటర్ కొనిపెట్టడమే నయం, పెద్ద ఖరీదేమీ కాదు. ముక్కలో లావైన చోట పక్క నుంచి గుచ్చాలి, కొస ఎముకకి తగలకూడదు, పాన్ అడుగుకి తగలకూడదు, తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. అంకె ఆగేదాకా ఉంచి, ఆ అంకె కనిపించేలా ఫోటో పంపమనండి. చికెన్‌కి 74, చేపకి 63 దాటితే దించేయొచ్చు. గుచ్చిన ప్రతిసారీ దాని కొసని కడిగాకే మళ్లీ గుచ్చాలి, ఎందుకంటే పచ్చి ముక్కలో పెట్టిన కొసనే ఉడికిన ముక్కలోనూ పెడతాం కదా.